ఏ రూపానికి ఏ పద్ధతి ముందు

చీమ అని పేరు పెట్టింది క్లాసువాళ్లే. మనిషి చిన్నది, నడిస్తే చప్పుడుండదు, నోట్లో నాలుక ఉందో లేదో తెలియదు. అందుకని అలా పిలిచారు. చీమకు కుట్టడం కూడా వచ్చని వాళ్లకు తట్టలేదు పాపం. తట్టి ఉంటే ఇంకేదైనా మెత్తటి పేరు వెతికేవారు.

చీమ ఇంట్లో పగ పట్టడం ఒక విద్య. అమ్మమ్మ పక్కింటావిడతో బట్టలారేసే తాడు దగ్గర గొడవపడి మాట మానేసింది. ఆ తాడు కుళ్లి తెగిపోయింది, గోడకు కొట్టిన మేకు కూడా ఊడిపోయింది, అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఆవిడ మెట్లెక్కుతుంటే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని అంటుంది, "మీ అమ్మమ్మ ఒకటి మనసులో పెట్టుకుందంటే ఇక అది ఆవిడతోపాటే కాటికి పోవాల్సిందే." ఆ మాట అమ్మ తల్లిమీద చెప్పినా అది తన కూతురు చీమకూ సరిపోతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పగలు చీమ ఒక కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదుటి గోడమీది అక్షరాల పలక చూపించి, ఒక కన్ను మూయించి, చదవమంటుంది. సాయంత్రం అద్దాల బీరువాలకు తాళం వేసి, అటునుంచి అటే సాయంత్రపు కాలేజీకి పోతుంది. పగలంతా ఎక్కడెక్కడో పనిచేసినవాళ్లు డిగ్రీ కోసం వచ్చే కాలేజీ అది. రోజంతా నిలబడి అరిగిపోయిన కాళ్లను బెంచీల కింద చాపుకుని లెక్కలు నేర్చుకునేవాళ్లు వాళ్లు.

ఆ క్లాసుకొక లీడర్ ఉంది. ఇంచుమించు చీమ వయసే. గలగలా మాట్లాడుతుంది, లెక్చరర్లకు తలుపు తీసి పట్టుకుంటుంది, అటెండెన్సు రిజిస్టరు చంకలో పెట్టుకుని తిరుగుతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, క్లాసుకు ఏదైనా కావాలంటే ఆఫీసులోకి వెళ్లి అడిగే ధైర్యం ఆమెకే ఉంది. కానీ లెక్క దగ్గరికొచ్చేసరికి ఆమె మెడ సాగుతుంది. పక్కవాళ్ల కాగితం ఎంత దూరంలో ఉంటే అంత సాగుతుంది.

ఇంటిగ్రేషన్ మీద మొదటి టెస్టు రోజు ఆ మెడ చీమ భుజం మీదుగా సాగింది. ఒకటి బై x స్క్వేర్ ప్లస్ తొమ్మిది అనే లెక్క. జవాబులో టాన్ ఇన్వర్స్ ముందు ఒకటి బై మూడు రావాలి. చీమ తొందరలో ఆ మూడో వంతు మరిచిపోయింది. లీడర్ కూడా మరిచిపోయింది. చీమ ఇంకో లెక్కలో, అయిదో మెట్టులో మైనస్ గుర్తు జారవిడిచింది. లీడర్ కూడా అయిదో మెట్టులోనే జారవిడిచింది. సరైన జవాబులు ఎవరివైనా ఒకేలా ఉంటాయి గానీ తప్పులు ఇంత ముచ్చటగా కలవవు కదా.

లెక్కల సార్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఇద్దరినీ నిలబెట్టాడు. "ఎవరు ఎవరిది చూశారు?"

చీమ నోరు తెరిచేలోపే లీడర్ తల వంచుకుని, ఎంతో బాధపడుతున్నట్టు చెప్పింది. "పోనీండి సార్. చూసుకుందిలే అని నేనే ఊరుకున్నాను. దాన్నేమీ అనకండి."

దొంగే దొంగ దొంగ అని అరవడం మనం విన్నాం. దొంగ జాలిపడటం చూశారా? అది ఇంకా ఘోరం. సార్ క్లాసువైపు తిరిగి, "ఎవరైనా చూశారా?" అన్నాడు. ఆ బెంచీల్లో సగంమంది చూశారు. ఒకడు గోళ్లు చూసుకున్నాడు, ఒకామె పెన్ను మూత తిప్పింది, ఒకడికి అప్పుడే దగ్గొచ్చింది. చీమకు సున్నా పడింది. అంతటితో పోలేదు, ఇక మీదట ఏ పరీక్షైనా ఆమె సార్ బల్లకు ఆనుకుని ఉన్న ముందు బెంచీలో, బోర్డు వైపు మొహం పెట్టుకుని, ఒక్కతే కూర్చోవాలన్నాడు. ఆ ఒక్క సున్నాతో ఆమె ఫెయిలేమీ కాదు గానీ, ఆ బెంచీని చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ రోజు క్లాసులో లేనిది నర్సక్క ఒక్కతే. ఆసుపత్రి వార్డులో డ్యూటీ. నలభై దాటిన మనిషి, రోగులను లేపి కూర్చోబెట్టీ పడుకోబెట్టీ నడుం పట్టేసిన మనిషి. డిగ్రీ ఉంటే ఎక్స్‌రే విభాగంలోకి మారుస్తామన్నారు. ఇప్పటిదాకా వచ్చిన మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కింది, లెక్కల్లో మాత్రం ఇంతకుముందు తప్పింది. ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే ఇక ఆ వార్డే, ఆ నడుమే. సున్నా సంగతి విని, నర్సక్క తన బెంచీలోంచి లేచి వచ్చి చీమ పక్కన కూర్చుంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పటినుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ.

ఫైనల్ పరీక్షకు ఒక నెల ముందు సార్ ఒక మాట చెప్పాడు. ఆయన దగ్గర ఏటా ఉండే పద్ధతే అది. ఇంటిగ్రేషన్ పేపరుకు క్లాసంతా కలిసి ఒకే ఒక్క పేజీ తయారు చేసుకోవచ్చు. ఏ రూపంలో ఉన్న లెక్కకు ముందు ఏ పద్ధతి ప్రయత్నించాలో ఆ పేజీలో రాసుకోవచ్చు. ఫార్ములాలు కూడదు. సార్ చూసి, కాలేజీ ముద్ర వేసి, జిరాక్సులు తీయించి, పరీక్ష హాల్లోనే పంచుతాడు. ఆ పేజీ మీద ఎవరు చుక్క పెట్టినా, గీత గీసినా, ఆ కాగితం లాగేసుకుంటారు.

పని లీడర్‌కు పడింది. లీడర్ మధ్యాహ్నం ఎండలో కళ్లజోళ్ల షాపుకే వచ్చింది. "నీ రాత ముత్యాల్లా ఉంటుంది. నువ్వు రాసిపెట్టు. పాతవన్నీ మనసులో పెట్టుకోకు, మనమంతా ఒకటే కదా."

ఏమి ధైర్యమండీ. కొట్టిన చెయ్యే అన్నం కలిపి పెట్టమన్నట్టుంది. చీమ కౌంటరు మీద అద్దాలు తుడుస్తూ, "సరే, రాస్తాను" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు లీడర్‌కు అనుమానం రావాల్సింది. రాలేదు. మీది పని తప్పిపోయినవాళ్లకు అనుమానం రాదు.

ఆదివారం షాపు మూసి ఉంటుంది, తాళం చీమ దగ్గరే. స్టూలు లాక్కుని కౌంటరు మీద తెల్ల కాగితం పెట్టుకుంది. ముందు తనకోసం నిజం పేజీ రాసింది. అన్నిటికన్నా ముందు, లెక్కను విప్పగలవేమో చూడు. బ్రాకెట్లు విడగొట్టు, భిన్నాన్ని ముక్కలు చెయ్యి, అది తెలిసిన ఫార్ములాలోకి దానంతటదే దిగొచ్చేమో. లేదంటే, లోపలొక ఫంక్షన్ ఉండి, దాని డెరివేటివ్ బయట కూర్చుందేమో చూడు, ఒక సంఖ్య తేడా ఉన్నా ఫరవాలేదు. ఉంటే సబ్‌స్టిట్యూషన్. అదీ లేకపోతే, పైనా కిందా పాలినోమియల్సేనా? పై డిగ్రీ కింది దానికి సమానమైనా ఎక్కువైనా ముందు భాగించు, తరవాత కిందిది కారణాంకాలుగా విడితే పార్షియల్ ఫ్రాక్షన్స్, విడకపోతే స్క్వేర్ పూర్తి చెయ్యి. ఆ తరవాత, రెండు వేరు వేరు రకాల లబ్ధమైతే బై పార్ట్స్. అక్కడ లాగ్‌నూ, ఇన్వర్స్‌నూ ముందు పట్టుకో, పవర్‌లో x ఉన్న e ని చివరికి వదిలెయ్యి. సైన్, కాస్‌ల పవర్లయితే, బేసి పవర్ ఉన్నదాంట్లోంచి ఒకటి లాగు, రెండూ సరి అయితే రెట్టింపు కోణం. ఇవేవీ కుదరనప్పుడు మాత్రమే, వర్గమూలంలో ఒక సంఖ్య స్క్వేరు, x స్క్వేరు కలిసి కనిపిస్తే, x బదులు సైనో టానో సెకో పెట్టు.

రాసి, చదువుకుని, తల ఎత్తింది. ఎదురుగా గోడమీద అక్షరాల పలక. రోజూ ఎందరినో ఆ పలక ముందు కూర్చోబెడుతుంది. ఏ ఒక్కడూ కింది వరసనుంచి మొదలుపెట్టడు. ముసలాడైనా పిల్లాడైనా పైనుంచే చదువుతాడు, కనిపించకుండా పోయేదాకా చదువుతాడు, కనిపించని చోట ఆగిపోతాడు. కింద ఇంకా వరసలున్నాయని తెలిసినా అక్కడే ఆగిపోతాడు.

చీమ కొత్త కాగితం తీసుకుంది. ఒక్క మాట మార్చలేదు, ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. అన్నిటికన్నా చివర ఉండాల్సిన సైనూ టానూ తలమీద పెట్టింది. దాని కింద పవర్లు. దాని కింద బై పార్ట్స్. దాని కింద భిన్నాలు. ఆ కింద సబ్‌స్టిట్యూషన్. అట్టడుగున, చిన్నగా, విప్పగలవేమో చూడు అని. లైన్లకు నంబర్లు వేయలేదు, బాణాలు గీయలేదు. పైనుంచి చదవమనీ ఎక్కడా అనలేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, అది గుర్తుంచుకోవాలి.

రాస్తున్నంతసేపూ ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ముల్లును ముల్లుతో తీస్తారంటారు గానీ, ఇది ముల్లు తీయడం కాదు, వరసగా ముళ్లు నాటడం. గోళ్లు చూసుకున్నవాడికి ఒకటి, పెన్ను మూత తిప్పినామెకు ఒకటి, దగ్గినవాడికి ఒకటి. అన్నిటికన్నా పెద్దది లీడర్‌కు. ఫైనల్లో ఒక్కొక్కరికి ఒక్కో బల్ల, మధ్యలో నడిచే దారి. మెడ ఎంత సాగినా అందదు. ఆమెకు ఆ రోజు దిక్కల్లా ఈ పేజీయే.

లీడర్ పేజీ తీసుకుని చదవకుండానే తల ఆడించింది. అడుగున 'తయారు చేసినవారు' అని రాసి తన పేరు రాసుకుంది. తరవాత, తనదీ ఒక చెయ్యి ఉండాలని తోచిందేమో, పైన ఖాళీలో పెద్ద అక్షరాలతో, 'పైనుంచి కిందికి వరసగా ప్రయత్నించండి' అని చేర్చింది. చీమ అది చూసి కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు అరచెయ్యి సరిపోలేదు.

సార్ టీ తాగుతూ చూశాడు. ఒక్కో లైను చదివి, "కరెక్టే, ఇదీ కరెక్టే" అంటూ ముద్ర కొట్టాడు. ఆయన్ని తప్పుపట్టలేం. లెక్కను చూడగానే దాని లోపలిది కనిపించేవాడికి ఏది ముందు, ఏది తరవాత అనే బాధ ఉండదు. ఆ బాధ రానివాళ్లదే.

అంతా అయ్యాక గానీ చీమకు నర్సక్క గుర్తు రాలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి నర్సక్క. మందు చీటీలో ఎలా ఉంటే అలాగే వేస్తుంది. పేజీలో పైన సైను పెట్టమని ఉంటే చచ్చినా సైనే పెడుతుంది.

పరీక్ష ముందు రోజు కాలేజీ మెట్లమీద పక్కన కూర్చోబెట్టుకుని చీమ చెప్పింది. "అక్కా, రేపు ఆ కాగితం నువ్వు కింది నుంచి చదువు. పైనేం రాసి ఉన్నా సరే. అట్టడుగు లైనుతో మొదలుపెట్టి పైకి రా."

"ఎందుకు?"

చీమ నోట్సు వెనక ఆ పేజీలోని పద్ధతులు అదే వరసలో వేసి, పక్కన ఒక లెక్క రాసింది. x పక్కన e, దాని పవర్ x స్క్వేర్. "ఇది పైనుంచి చూస్తే ఏం చేస్తావు?"

నర్సక్క ఆ వరస మీద వేలు కిందికి దింపుకుంటూ వచ్చింది. "రూటు లేదు. సైన్లు లేవు. రెండు రకాల లబ్ధం. బై పార్ట్స్."

"చెయ్యి."

నర్సక్క చేసింది. x ని విడిగా ఉంచితే, మిగిలినదాన్ని ఇంటిగ్రేట్ చేయడానికి దారే దొరకలేదు. అటుదిటు చేస్తే x కి క్యూబ్ వచ్చి కూర్చుంది. ముందున్నదానికంటే లెక్క పెద్దదైంది.

"ఇప్పుడు కింది నుంచి. లోపలున్నది x స్క్వేర్. దాని డెరివేటివ్ రెండు x. బయట x ఉందిగా. దాన్ని t అనుకో."

నర్సక్క రెండు లైన్లలో ముగించింది. e పవర్ x స్క్వేర్‌లో సగం, ప్లస్ సి. పెన్ను మూసి, చీమ మొహంలోకి చాలాసేపు చూసింది. వార్డులో రోగి నొప్పి లేదంటే ఎలా చూస్తుందో అలా చూసింది.

"నాకొక్కదానికేనా చెప్పింది?"

"ఒక్కదానికే."

"మిగతావాళ్ల సంగతి?"

"వాళ్లు ఆ రోజు నోరు విప్పారా అక్కా?"

నర్సక్క చీర కొంగు దులుపుకుని లేచి, బస్సు వస్తోందని వెళ్లిపోయింది.

పరీక్ష హాలు చల్లగా, పొడుగ్గా ఉంది. చీమ తన శిక్ష బెంచీలో బోర్డు వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. వెనక ఎవరేం చేస్తున్నారో ఆమెకు కనపడదు. కానీ వినపడుతుంది. వినాలనే ఆమె ఇన్నాళ్లూ కాచుకుని ఉంది. దారి తప్పినవాడు ఆగడు, ఇంకా రాస్తాడు, కాగితాలు నింపుతాడు, చివరికి చెయ్యెత్తి అడిషనల్ షీటు అడుగుతాడు. ఆ అడగడం ఎన్నిసార్లు వినిపిస్తే అంత తీయగా ఉంటుందని చెవులు రిక్కించుకుని కూర్చుంది.

ప్రశ్నపత్రం చూసేసరికి ఆమె కడుపు నిండింది. సార్ కావాలని ఇచ్చినట్టున్నాడు. x పక్కన వర్గమూలంలో x స్క్వేర్ ప్లస్ పదహారు. పేజీ తలమీది లైను చూసినవాడు టాన్ పెట్టి, సెక్ క్యూబుల్లో పడి కొట్టుకుంటాడు. లోపలి దాన్ని t అనుకున్నవాడు గుక్క తిప్పుకోకుండా పూర్తి చేస్తాడు. రెండు x ప్లస్ అయిదు బై x స్క్వేర్ ప్లస్ అయిదు x ప్లస్ తొమ్మిది. కిందిది విడదు, పేజీ పైనుంచి వచ్చినవాడు స్క్వేర్ పూర్తి చేసుకుంటూ కూర్చుంటాడు. పైనున్నది కిందిదాని డెరివేటివే అని చూసినవాడికి ఒక్క లాగ్‌తో సరి. లాగ్ x బై x. బై పార్ట్స్ చేస్తే అడిగిన ప్రశ్నే మళ్లీ ఎదురొస్తుంది. దాన్ని అటువైపుకు తీసుకుపోవాలని తెలియనివాడు, గిరగిరా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చానని కొట్టేస్తాడు.

చీమ తనవి రాసేసి, పెన్ను పక్కన పెట్టి వినసాగింది. పెన్నులు గీరుతున్నాయి, కాగితాలు తిరుగుతున్నాయి. ఎవరూ అడగడం లేదు. ఇంకాసేపు ఆగింది. ఆ రోజు దగ్గినవాడు ఇవాళ దగ్గనైనా దగ్గలేదు.  ఏమైంది వీళ్లకు? అందరూ ఎలా చేసేస్తున్నారు?

"సార్, అడిషనల్."

లీడర్ గొంతు. చీమ వెన్ను నిటారైంది. కొంచెంసేపటికి మళ్లీ అదే గొంతు. "సార్, ఇంకొకటి." ఆ తరవాత మళ్లీ అదే. హాలు మొత్తంలో ఒక్క గొంతే, ఒక్క కుర్చీయే. చివరికి ఆ కుర్చీ వెనక్కి జరిగింది.

"సార్, ఈ కాగితంలో ఏదో తేడా ఉంది."

సార్ చెప్పుల చప్పుడు బల్లల మధ్యగా వెళ్లింది. "ఏ లైనులో?"

"లైనని కాదు సార్. వరసగా చేస్తూ పోతుంటే ఏదీ తేలడం లేదు."

"లైన్లన్నీ నేను చూశాను, అన్నీ కరెక్టే. దీన్ని తయారు చేసింది నువ్వే కదా. వరసగా ప్రయత్నించండి అన్నదీ నీ రాతే." సార్ గొంతు పెంచాడు. "ఇంకెవరికైనా ఈ కాగితంతో ఇబ్బందా?"

ఎవరూ పలకలేదు. పెన్నులు కూడా ఒక క్షణం ఆగాయి. లీడర్ ఇంకేం అంటుంది? నేను రాయలేదు అనాలి. ఎవరు రాశారంటే, వేరేవాళ్లతో రాయించి నా పేరు వేసుకున్నానని చెప్పాలి. మింగలేక కక్కలేక అంటే అదే. కుర్చీ ముందుకు జరిగింది. చీమ బోర్డు చూస్తూ కూర్చుంది, ఆమెకు ఆ నల్లటి బోర్డు అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు.

బయటికి రాగానే నర్సక్కను వరండాలో పట్టుకుంది. "అక్కా, నువ్వు వాళ్లకు చెప్పావా?"

"పొద్దున గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. కింది నుంచి చదవమన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆ పేజీ రాసింది ఎవరో, ఆ రోజు తామేం చేయలేదో వాళ్లకు తెలుసు." నర్సక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనింది. "ఒక్కామెకు చెప్పలేదు. ఆమెకు చెప్పొద్దని నేనేమీ అనలేదు, వాళ్లే చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఒక్కసారి తెలిసిరానీ అనుకున్నాను."

చీమ ఆమెను గట్టిగా పట్టుకుంది. నర్సక్క ఆమె వీపు మీద తట్టి, "ఒక డోసు పడింది. ఇక చాలు, విన్నావా" అంది. చీమ విన్నాననే అంది.

ఫలితాలొచ్చాయి. నర్సక్క పాసైంది. డిగ్రీకి ఇక ఒక్క టర్మే మిగిలింది కాబట్టి ఎక్స్‌రే విభాగానికి ఇప్పుడే కాగితాలు పెట్టుకోమని ఆసుపత్రిలో చెప్పారు, కొత్త టర్ము మొదలయ్యాక కూడా ఆ మాట తలుచుకుని తనలో తాను నవ్వుకుంటూ ఉండేది. క్లాసంతా గట్టెక్కింది. లీడర్ తప్పింది. ఆమె చంకలోని రిజిస్టరు వేరొకరి చంకలోకి మారింది. ఇప్పుడు ఆమె చివరి బెంచీలో కూర్చుంటోంది, ఎవరూ పనిగట్టుకుని పలకరించడం లేదు. చీమ ఆ బెంచీ పక్కగా నడిచిన ప్రతిసారీ నెమ్మదిగా నడిచేది.

సప్లిమెంటరీకి ఇంకా పది రోజులుందనగా, క్లాసు మొదలవకముందు లీడర్ చీమ బెంచీ దగ్గరికొచ్చింది. చేతిలో ఆ పేజీ ఉంది. ముద్ర చెరిగిపోయేలా మడతలు పడింది. నర్సక్క చీమ పక్కనే కూర్చుని టిఫిను డబ్బా మూత పెడుతోంది.

"పొద్దున సార్‌తో చెప్పాను," అంది లీడర్. "టెస్టులో నేనే నీది చూశానని. ఆ పేజీ రాసింది నువ్వని కూడా చెప్పాను. నీ సున్నా మారుస్తామన్నారు. ఆ ముందు బెంచీ కూడా ఇక ఉండదట."

 అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అనుకుంది చీమ.

"ఇది మాత్రం నాకు అర్థం కావడం లేదు." లీడర్ పేజీ బల్లమీద పరిచింది. ఆమె గోళ్లు కొరుక్కుని ఉన్నాయి. "సప్లిమెంటరీలో కూడా ఇదే కాగితం ఇస్తారట. అందరికీ పనిచేసింది, నాకే పనిచేయలేదు. ఎవరినడిగినా తప్పించుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క మాట చెప్పు. నేను నిన్ను ఇంకేమీ అడగను."

జవాబు చీమ నాలుక చివరనే ఉంది. ఒక్క మాట. అట్టడుగున ఉన్న ఆ చిన్న లైను మీద వేలు పెడితే చాలు, మాట కూడా అక్కర్లేదు. సార్‌తో చెప్పేసిందట. సున్నా పోతుందట. పోతే? ఆ రోజు అందరి ముందూ జాలిపడ్డ ఆ గొంతు పోతుందా? బోర్డు చూస్తూ కూర్చున్న ఆ గంటలు పోతాయా? చీమకు లోపలినుంచి వేడిగా, తీయగా ఏదో పైకి వచ్చింది, అది ఆపుకోవాలని ఆమెకు అనిపించలేదు.

"నువ్వు రాసిందే కదా," అంది. "పైనుంచి వరసగా ప్రయత్నించు. ఓపిగ్గా చేస్తే వస్తుంది."

లీడర్ నమ్మింది. తల ఊపి, "ఓపిక పట్టలేదేమో నేను" అని పేజీ మడుచుకుని చివరి బెంచీకి వెళ్లిపోయింది.

నర్సక్క డబ్బా సంచిలో పెట్టుకుంది. నోట్సు పెట్టుకుంది, పెన్ను పెట్టుకుంది, బెంచీ వీపుకు వేసిన స్వెట్టరు తీసి చేతిమీద వేసుకుంది. చీమ, "ఎక్కడికక్కా, సార్ వచ్చే వేళయింది" అంది. నర్సక్క నడుం పట్టుకుని లేచి, బల్లల మధ్యగా నడుచుకుంటూ పోయి, చివరి బెంచీలో లీడర్ పక్కన కూర్చుంది. లీడర్ బెదిరి కొంచెం జరిగింది. నర్సక్క ఆ పేజీ మడతలు విప్పి, అరచేత్తో చదును చేసి, అట్టడుగు లైను మీద వేలు పెట్టింది.

"ఇక్కణ్ణుంచి పైకి రా తల్లీ," అంది, క్లాసంతటికీ వినపడేలా. "నీకు ముందే చెప్పాల్సింది. నేనూ చెప్పలేదు."

సార్ వచ్చాడు. అందరూ లేచి కూర్చున్నారు. చీమ తన పక్కన ఖాళీ వైపు ఒకసారి చూసుకుంది. ఇప్పుడో ఇంకాసేపటికో అక్క వెనక్కి వస్తుందని, స్వెట్టరు పెట్టుకోవడానికి చోటుండాలని, తన పుస్తకాలు ఇటు లాక్కుంది. క్లాసు అయిపోయేదాకా ఎవరూ వచ్చి కూర్చోలేదు.